గాజు పట్టీ పగిలింది, గోడ కదిలినట్టేనా?

గోడకు బీట పడిందని పిలిస్తే, మేస్త్రి వచ్చి వేలితో తడిమి చూసి, గంటు వెడల్పు చేసి సిమెంటు కూరేద్దాం అంటాడు. మర్నాడు వచ్చిన ఇంకో పెద్దమనిషి తల అడ్డంగా ఊపి, పునాది దిగుతోంది, కింద తవ్వి కాంక్రీటు వేయకపోతే లాభం లేదంటాడు. మొదటిది వేలల్లో అయిపోయే పని, రెండోది లక్షల్లో పడే పని. ఇద్దరూ చూసింది ఒకే బీటను. ఆ బీట ఎప్పుడో పడి ఆగిపోయిందా, ఇప్పటికీ కదులుతోందా అన్నది మాత్రం ఇద్దరికీ తెలియదు. అది ఒక్కసారి చూస్తే తెలిసేది కాదు. ఇల్లు కట్టిన కొత్తలో పునాది సర్దుకున్నప్పుడు పడిన 5 మిల్లీమీటర్ల బీట ఇరవై ఏళ్ళుగా కదలకుండా ఉండి ఉండొచ్చు. వెంట్రుకంత సన్నంగా ఉన్న బీట నెలనెలా వెడల్పవుతూ ఉండొచ్చు.

ఈ సంగతి తేల్చడానికి ఇంజనీర్లు చాలా కాలంగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. బీటకు అడ్డంగా, తేలిగ్గా పగిలే వస్తువు ఒకదాన్ని అతికించి తేదీ రాసి పెడతారు. గోడ కదిలితే అది పగులుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. దీన్నే టెల్‌టేల్ అంటారు. గాజు పట్టీతోనూ పెట్టొచ్చు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దతోనూ పెట్టొచ్చు.

రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గోపురానికి 18వ శతాబ్దంలో ఈ పనే పాలరాతితో చేశారు. గోపురం నిండా బీటలు కనబడుతుంటే పోప్ 14వ బెనెడిక్ట్ 1742లో ముగ్గురు గణిత శాస్త్రవేత్తలను, ఆ మరుసటి ఏడు పాదువా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జొవాన్నీ పొలేనీని పరిశీలనకు పిలిచాడు. అప్పట్లో చర్చి బాగోగులు చూస్తున్న వాస్తుశిల్పి లుయీజీ వన్వితెల్లీ. రెండు చివరలా వెడల్పుగా, నడుమ సన్నగా ఉండే పాలరాతి ముక్కలను బీటలకు అడ్డంగా బిగించారు. నడుము దగ్గరే బలం తక్కువ గనక గోపురం కదిలితే రాయి అక్కడే విరగాలి. కొన్ని విరిగాయి కూడా. చివరకు గోపురం చుట్టూ ఇనుప కట్లు బిగించి దాన్ని నిలబెట్టారు. పాలరాయి పోయి గాజు వచ్చినా ఇవాళ్టి టెల్‌టేల్ వెనక ఉన్న ఆలోచన అదే.

గాజుకు ఎక్కువమంది వాడేది బడి ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శిని కింద పెట్టే స్లయిడు. పొడవు 75 మిల్లీమీటర్లు, వెడల్పు 25, మందం ఒకటి, ఒకటింబావు. రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో దాని రెండు చివరలను మాత్రం అతికిస్తారు. నడుమ భాగం బీట మీద ఏమీ అంటకుండా ఉండాలి. మొత్తం పట్టీకి జిగురు పూసేస్తే బీట పక్కనున్న జిగురు కొంత సాగి కదలికను మింగేస్తుంది, గాజుకు ఏమీ తెలియదు.

చాలాచోట్ల తప్పు జరిగేది అంతకంటే ముందే, అతికించే చోటు దగ్గరే. రంగు మీద, పుట్టీ మీద, సిమెంటు పూత మీద అతికిస్తే పట్టీ చెప్పేది పూత సంగతే, గోడ సంగతి కాదు. పాత ఇళ్ళలో పూత ఇటుకను వదిలేసి డొల్లగా ఉండటం మామూలే. వేళ్ళ కణుపులతో కొట్టి చూస్తే గుల్లగా మోగుతుంది. అలాంటి పూత మీద పట్టీ పెట్టి గోడను పరీక్షించామనుకోవడం కంటే పెట్టకపోవడం నయం. అందుకని బీటకు రెండు వైపులా ఓ అరచేయి మేర పూత కొట్టేసి, ఇటుకను వైరు బ్రష్షుతో దుమ్ము లేకుండా రుద్ది, ఆరాక అతికించాలి.

ప్లాస్టర్ ముద్దకు ఇంకాస్త ఓపిక కావాలి. ఇటుకను తడిపి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను గట్టిగా కలిపి, బీటకు అడ్డంగా నాలుగైదు అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఉండేలా పెట్టాలి. చివరల్లో ఒక సెంటీమీటరు మందం ఉన్నా బీట మీదికి వచ్చేసరికి పలచబడాలి. పాలరాతి ముక్కకు నడుము సన్నగా చెక్కిన కారణమే దీనికీ. గట్టిపడేలోగా మేకుతో తేదీ గీయాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌నే ఎంచుకోవడానికి ఓ కారణం ఉంది. అది గట్టిపడేటప్పుడు కుంచించుకుపోదు, పైగా రవ్వంత ఉబ్బుతుంది. సిమెంటు అలా కాదు, ఆరుతూ కుంచించుకుపోతుంది. అందువల్ల సిమెంటు ముద్ద పెడితే గోడ కదలకపోయినా తనంతట తానే సన్నగా చిట్లి ఇంటివాళ్ళను భయపెట్టొచ్చు. ప్లాస్టర్‌కూ ఓ బలహీనత ఉంది, తడికి ఆగదు. అది ఇంటి లోపలి గోడలకే గాని వాన కొట్టే బయటి గోడకు పనికిరాదు.

ముద్ద గాజు కంటే ఎక్కువే చెబుతుంది. అది నిలువునా తెరుచుకుంటే గోడ రెండు ముక్కలూ దూరం జరుగుతున్నట్టు. పగిలిన రెండు అంచుల్లో ఒకటి కిందికి జారి మెట్టులా కనబడితే, గోడలో ఓ భాగం దిగుతున్నట్టు. ఒక అంచు ముందుకు పొడుచుకొస్తే గోడ బయటికి వాలుతున్నట్టు. గాజు మాత్రం పగిలి ఊరుకుంటుంది.

ఎన్ని పెట్టాలి? బీట అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట ఒకటి, సన్నబడి ముగిసేచోటికి దగ్గరలో ఒకటి చాలు. బీట కొస దగ్గర పెన్సిలుతో చిన్న అడ్డగీత గీసి తేదీ వేస్తే, అది పొడవు పెరుగుతోందేమో కూడా తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఇంకో పని చేస్తారు. అదే గోడ మీద బీట లేని చోట కూడా ఒక పట్టీ, ఒక ముద్ద పెడతారు. వాటికి పగలడానికి కారణం ఉండదు. అవీ పగిలాయంటే లోపం జిగురులోనో ముద్ద కలిపిన తీరులోనో ఉందన్నమాట. ఆ అదనపు పట్టీకి అయ్యేది కొన్ని రూపాయలు, దాంతో తప్పేది పెద్ద పొరపాటు.

ఇంతా చేశాక మూడు వారాలకు గాజు పగిలిందనుకుందాం. ఇల్లు కూలుతున్నట్టేనా?

ఇక్కడ చిన్న లెక్క వేయాలి. జిగురుకూ జిగురుకూ మధ్య వదిలిన గాజు 40 మిల్లీమీటర్లు ఉంటే, అది మిల్లీమీటరులో నలభయ్యో వంతు సాగినా పగిలేంత పెళుసు. మరి గోడ మామూలుగా ఎంత కదులుతుంది? 3 మీటర్ల ఇటుక గోడ ఎండకు 15 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరు దాకా సాగుతుంది. గాజు ఓర్చుకోగలిగినదానికి అది పది రెట్లు. మన ఊళ్ళలో పడమటి గోడ మీద ఏప్రిల్ మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య 15 డిగ్రీల తేడా ఓ లెక్క కాదు. అంటే పునాది బండలా నిలబడి ఉన్నా, ఎండ తగిలే గోడ మీది గాజు పట్టీ పగిలే అవకాశమే ఎక్కువ. పై అంతస్తులో స్లాబుకు, గోడకు మధ్య అడ్డంగా పడే గీత కూడా ఇలాంటిదే. స్లాబు పగలు సాగి రాత్రి కుంచించుకుపోతూ ఉన్నంత కాలం ఆ గీత కదులుతూనే ఉంటుంది. సిమెంటు ఎన్నిసార్లు పూసినా మళ్ళీ తేలుతుంది. దానికి చేయాల్సింది స్లాబు మీద వేడి తగ్గించడం, గీతలో సాగే సీలెంటు నింపడం. పునాదితో దానికి పనిలేదు.

పగలని గాజును కూడా గుడ్డిగా నమ్మకూడదు. జిగురు మెత్తబడి ఒక చివర ఊడి ఉంటే గోడ ఎంత కదిలినా పట్టీ చెక్కుచెదరదు. అందుకే చూసిన ప్రతిసారీ రెండు చివరలనూ గోటితో కదిపి చూడాలి. ఇక పగిలిన పట్టీకి ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. కదలిక అదే రోజు ఆగిందో, ఏడాది పొడవునా సాగిందో దానికి తెలియదు. చీపురు తగిలి పగిలిందో, పిల్లల బంతి తగిలి పగిలిందో కూడా చెప్పదు. పగిలినదాన్ని పీకేయకుండా ఉంచి, పక్కనే కొత్త తేదీతో ఇంకొకటి పెట్టాలన్నది అందుకే.

కదిలిందా లేదా అన్నదానికి గాజు, ప్లాస్టర్ జవాబిస్తాయి. ఎంత, ఎప్పుడు, తిరిగి వెనక్కి వచ్చిందా అన్నవాటికి కొలత కావాలి. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేలల మీది ఇళ్ళకు 1976 నాటి కరువులో విపరీతంగా బీటలు పడ్డాయి, బీమా కంపెనీల ముందు దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. ఏ ఇంటికి పునాది పని అవసరమో, ఏ ఇంటికి అక్కర్లేదో తేల్చడం అక్కడ పెద్ద పనైంది. ఆ దేశపు భవన పరిశోధన సంస్థ బీఆర్ఈ 1989లో తెచ్చిన మార్గదర్శకంలో బీటకు అటూ ఇటూ ఇత్తడి స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని కాలిపర్‌తో కొలవమని చెప్పింది. మన దగ్గరా హార్డ్‌వేర్ కొట్లో దొరికే సరుకే ఇది. బీటకు ఒక వైపు ఒక స్క్రూ, రెండో వైపు ఒక స్క్రూ, ప్లాస్టిక్ ప్లగ్గు వేసి ఇటుకలోకి గట్టిగా బిగించాలి. ఇత్తడైతే తుప్పు పట్టదు. వెర్నియర్ కాలిపర్ మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా చూపిస్తుంది. నెలకోసారి, ఎండెక్కకముందు, అదే వేళకు, వీలైతే అదే మనిషి కొలవాలి. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి. పక్కన ఆ నెలలో వాన పడిందా, నేల ఎండిందా అన్నది ఒక ముక్క రాసుకుంటే తర్వాత లెక్క అర్థమవుతుంది.

లండన్ బంకమట్టి ఊసు ఇక్కడెందుకంటే, మన నల్లరేగడి దానికి దగ్గరి చుట్టం, ఇంకాస్త మొండిది కూడా. కర్నూలు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో, ఆదిలాబాద్, జహీరాబాద్ వైపుల్లో ఈ నేల మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళకు దాని తీరు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానలకు ఉబ్బి వాటిని మూసేస్తుంది. ఇంటి నడుమ ఉన్న మట్టి మీద ఎండ పడదు, వాన పడదు కాబట్టి దాని తేమ పెద్దగా మారదు. ఇంటి అంచుల్లోని మట్టి మాత్రం ఏటా ఎండుతుంది, తడుస్తుంది. అందుకే మూలలు వేసవిలో దిగి, వానాకాలంలో లేస్తాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకి, పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే బీట సాధారణంగా ఈ మూల దిగడం వల్ల వచ్చేదే.

అలాంటి నేల మీద, ఇటుక గోడలే బరువు మోసే ఒక పెంకుటిల్లో, ఒంటి అంతస్తు డాబానో ఊహించుకుందాం. కిటికీ పైన 2 మిల్లీమీటర్ల ఏటవాలు బీట ఉంది. జనవరిలో గాజు పట్టీ అతికించి, పక్కనే రెండు స్క్రూలు బిగించారు. మొదటి కొలత 80.00 మిల్లీమీటర్లు. ఫిబ్రవరిలో గాజు పగిలింది. మార్చిలో స్క్రూల మధ్య దూరం 80.50, మే చివరికి 81.40. ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మేస్త్రి పునాది పనికి అంచనా వేసి ఇచ్చేది సరిగ్గా ఈ మే నెలలోనే. అక్కడే ఆగిపోయి చూస్తే, అయిదు నెలల్లో 1.4 మిల్లీమీటర్లు తెరుచుకున్న బీట భయపెట్టేదే మరి.

ఆగకుండా కొలుస్తూ పోతే ఆగస్టులో 80.70, అక్టోబరులో 80.10, మళ్ళీ జనవరికి 80.06 వచ్చిందనుకోండి. ఏడాదిలో మిగిలిన తేడా 0.06, కొలిచే చేతి తేడా దాదాపు అంతే ఉంటుంది. బీట కదులుతోంది, సందేహం లేదు, కానీ వెళ్ళిన దారినే వెనక్కి వస్తోంది. ఈ ఇంటికి కావాల్సింది పునాది కింద తవ్వడం కాదు. మూల దగ్గరి మట్టి తేమ మారకుండా చూసుకోవాలి. ఇంటి చుట్టూ ఓ మీటరు, మీటరున్నర వెడల్పున, బయటికి వాలుగా గచ్చు వేయాలి. గోడ పక్కనే కారే కుళాయి, పగిలిన మురుగు గొట్టం ఉంటే బాగు చేయాలి. పునాది తేమను పీల్చే పెద్ద చెట్టు గోడకు ఆనుకుని ఉందేమో చూడాలి. ఆ తర్వాత బీటను సాగే సీలెంటుతో మూయాలి.

అదే ఇంటి రెండో జనవరి కొలత 80.06 కాకుండా 80.80 వచ్చి ఉంటే కథ వేరు. వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకునే లయ అలాగే ఉంది, కానీ ప్రతి ఏడూ 0.8 మిల్లీమీటర్లు మిగిలిపోతోంది. మరో వేసవి కొలిచినా అలాగే మిగిలితే మూల నిజంగానే దిగుతోందన్నమాట. అప్పుడు మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పునాది పని రాయించుకోవాలి. ఇందులోనూ ఒక మోసం ఉంది. తెరుచుకున్న బీటలో ఇసుక, సున్నపు పెళ్ళలు రాలి ఇరుక్కుంటే, మట్టి ఉబ్బినా గోడ పూర్తిగా మూసుకోలేదు. ఏటా కొంచెం మిగిలిపోతుంది. అందుకే నిర్ణయానికి ముందు బీటను ఊది శుభ్రం చేసి, మూల మట్టం కూడా చూస్తారు.

ఎండాకాలంలో బీట బాగా విచ్చుకుని ఉన్నప్పుడు అందులో గట్టి సిమెంటు కూరడం ఎందుకు తప్పో కూడా ఈ లెక్కలోనే ఉంది. వానలకు మూల లేచి, బీట మూసుకోబోతే లోపల సిమెంటు అడ్డుపడుతుంది. ఆ తోపిడికి పక్కన ఇంకో కొత్త బీట పుడుతుంది. రెండేళ్ళకు ఒక బీట రెండవుతుంది. పూసిన మేస్త్రి, చూశారా, నేను చెప్పలేదూ అంటాడు.

ఒక్క వేసవి, ఒక్క వానాకాలం కూడా సరిపోని కట్టడాలున్నాయి. ఇటలీలో ఫ్లారెన్స్ నగరపు పెద్ద చర్చికి బ్రునెల్లెస్కీ కట్టిన ఇటుక గోపురం 1436లో పూర్తయింది. దాని బీటల మీద 1955లో 22 కొలత పరికరాలు అమర్చి ఏటా చూస్తూ వచ్చారు, 1980ల చివర్లో వందకు పైగా పరికరాలతో కంప్యూటరుకు అనుసంధానం చేశారు. అక్కడ తేలిందీ ఇదే. బీటలు రుతువును బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, ఆ ఊపు కింద అతి నెమ్మదైన అసలు పెరుగుదల వేరేగా ఉంది. అది శతాబ్దానికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. ఏడాది ఊపును తీసేయకుండా చూస్తే ఆ పెరుగుదల కనబడేది కాదు. ఇంటికి అన్నేళ్ళు అక్కర్లేదు, కానీ ఒక పూర్తి సంవత్సర చక్రం కంటే తక్కువ కాలం చూసి చెప్పే మాటను తీర్పుగా తీసుకోకూడదు.

అన్ని బీటలకూ ఇలా ఏడాది కూర్చుని చూడమని కాదు. గోడ ఉబ్బి బయటికి వచ్చినా, మొన్న లేని బీట నిన్న పుట్టి ఇవాళ వేలు దూరేంత అయినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా గాజు పట్టీ కోసం వెతకకూడదు, ముందు బయటికి రావాలి. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో కొండవాలు జారి వందల ఇళ్ళకు బీటలు పడినప్పుడు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు ఇళ్ళకు క్రాక్‌మీటర్లు బిగించారు. అయినా ప్రమాదంగా కనబడిన ఇళ్ళకు ఎర్ర గుర్తులు వేసి, మనుషులను ముందే ఖాళీ చేయించారు. కాంక్రీటు స్తంభానికీ, దూలానికీ ఇనుప చువ్వ వెంబడి పడిన బీట, దాని పక్కన తుప్పు మరక ఉంటే అదీ టెల్‌టేల్‌కు సంబంధం లేని రోగం. చువ్వ తుప్పు పడుతున్నంత కాలం ఆ బీట పెరుగుతుందని కొలవకుండానే చెప్పొచ్చు.

మిగిలిన మామూలు బీటల విషయంలో ఇంటివాళ్ళు పట్టుబట్టాల్సింది ఒకటే. పునాది కింద తవ్వాలని ఎవరైనా కాగితం ముందు పెడితే, వేసవీ వానాకాలమూ రెండూ దాటిన కొలతల పట్టిక చూపించమని అడగండి. అది లేకపోతే ఇంకా సంతకం పెట్టకండి, ఈలోగా బీటకు అటూ ఇటూ రెండు ఇత్తడి స్క్రూలు బిగించి ఈ నెల కొలత రాసిపెట్టండి.